కావలిలో ప్రాణ స్నేహితుడి రిసెప్షన్, మూడు నిమిషాలు మాట్లాడమన్నారు. చదివి చెప్పండి

కావలి కుర్రాడు · సోమవారం రాత్రి 9:40

ఈ ఆదివారం మావాడి రిసెప్షన్. మా కావలిలోనే ఫంక్షన్ హాల్లో. పెళ్లికూతురు వాళ్లది మార్కాపురం వైపు. వీళ్లిద్దరూ బెంగళూరులో ఒకే ఆఫీసు. ఆ ఆఫీసు వాళ్లు పాతికమంది వస్తున్నారు, 'బెస్ట్ ఫ్రెండ్ టోస్ట్ ఉండాల్సిందే' అని పట్టుబట్టారు. మావాడు నా పేరు చెప్పేశాడు. మూడు నిమిషాలు, అంతకంటే ఒక్క మాట ఎక్కువైనా మైకు లాక్కుంటానన్నాడు.

నాలుగు రోజుల నుంచీ రాస్తున్నాను. వాడి గురించి చెప్పాలంటే ఎన్నో ఉన్నాయి. ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ మాది. ఇప్పటికి రాసిందాంట్లో ఏమేం ఉన్నాయంటే: ముందు రెండు వైపుల పెద్దలకీ పేరుపేరునా నమస్కారాలు. తర్వాత ఇంజినీరింగ్‌లో వాడికి మిగిలిపోయిన మూడు సబ్జెక్టుల కథ. ఆ తర్వాత హైవే మీద బండి మీంచి పడ్డ కథ. నెల్లూరు రొట్టెల పండక్కి పోయిన కథ. చివర్లో పెళ్లి జీవితం గురించి ఒక కవిత. మొత్తం 430 మాటలు వచ్చాయి.

నవ్వించాలి, వాళ్లమ్మ కళ్లు కూడా చెమర్చాలి. ఎక్కడ కోయాలో తెలియడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పెన్నా ఒడ్డు · సోమవారం రాత్రి 10:05

430 సరిగ్గా సరిపోతాయి బ్రో. నిమిషానికి 150 మాటలని లెక్క, నేను ఎక్కడో చదివాను. మూడు నిమిషాలకి 450. ఇంకో ఇరవై మాటలు కలుపుకో. కాలేజీలో వాడు ఎవరి వెనకాల తిరిగాడో అది ఒకటి వెయ్యి, హాలు హాలంతా పడి పడి నవ్వుతుంది. మా అన్న పెళ్లిలో అదే చేశాం.

మాస్టారు, ఆత్మకూరు · మంగళవారం ఉదయం 6:15

నాయనా, పెళ్లి పందిట్లో గ్లాసులు పైకెత్తే పద్ధతి మనది కాదు. కావలిలో నలుగురు పెద్దలు కూర్చునే చోట మందు గ్లాసు పట్టుకుని మాట్లాడితే ఆ పిల్ల తరఫువాళ్లు ఏమనుకుంటారు? నీ స్నేహితుడికి నచ్చజెప్పు.

ఉలవపాడు మామిడి · మంగళవారం ఉదయం 7:02

మాస్టారూ, మందు కాదండీ. స్నేహితుడి గురించి స్టేజీ మీద నాలుగు మంచి మాటలు చెప్పడాన్నే వాళ్లు అట్టా అంటున్నారు. గ్లాసు ఉండదు.

మాస్టారు, ఆత్మకూరు · మంగళవారం ఉదయం 7:30

అలాగా. అయితే అది మనకి కొత్త కాదు. మా రోజుల్లో పెళ్లికొడుకు స్నేహితులం కలిసి పంచరత్నాలు రాసి, రంగు కాగితం మీద అచ్చు వేయించి, పందిట్లో పంచేవాళ్లం. ఒకడు నిలబడి రాగం తీసి చదివేవాడు. ఐదు పద్యాలు, ఒక్కోటీ అర నిమిషం. మొదటి పద్యంలో వరుడు, రెండో దాంట్లో వధువు, మధ్యలో ఒక వేళాకోళం, చివరిది ఆశీర్వచనం. నేను రాసిన కాగితం ఒకటి మా ఇంట్లో గూట్లో ఇప్పటికీ ఉంది. అందులో వియ్యపురాలి గారెల మీద ఒక పద్యం రాశాను. ఆమె నలభై ఏళ్ల తర్వాత కనపడినప్పుడు కూడా ఆ పద్యం అప్పజెప్పింది. ఐదే అన్న కట్టుబాటు ఉండబట్టి మేం గీత దాటేవాళ్లం కాదు.

ఒంగోలు మైకు · మంగళవారం మధ్యాహ్నం 1:20

తమ్ముడూ, పదకొండేళ్లుగా రిసెప్షన్లకి యాంకరింగ్ చేస్తున్నాను. ఒంగోలు, కందుకూరు, కావలి, నెల్లూరు, ఈ వైపు హాళ్లన్నీ తెలుసు. ముందు ఆ 150 లెక్క వదిలెయ్. అది ఇంగ్లీషు మాటల లెక్క. మనకి 'వెళ్లిపోతున్నప్పుడు' అనేది ఒకే మాట, ఇంగ్లీషులో అది మూడు నాలుగు అవుతుంది. తెలుగులో స్టేజీ మీద నిమిషానికి తొంభై దాటితే వెనక వరసలో ఒక్క ముక్క అర్థం కాదు. హాల్లో గొంతు గోడకి తగిలి తిరిగొస్తుంది కదా, ఇంకా నెమ్మదిగా చెప్పాలి.

ఒక పని చెయ్. ఇంట్లో లేచి నిలబడి, గట్టిగా చదివి, ఫోన్లో టైమ్ చూడు. మనసులో చదువుకుంటే లెక్కకి రాదు. ఎంతొచ్చిందో ఇక్కడ పెట్టు.

కాలేజీలో ఎవరి వెనకాల తిరిగాడన్నది మాత్రం వద్దు. ఆ నవ్వు వెనక నిలబడ్డ స్నేహితుల గుంపులోంచి వస్తుంది. ముందు వరసలో పెళ్లికూతురి నాయనమ్మ, మేనమామలు కూర్చుంటారు. వాళ్ల మొహాలు నేను స్టేజీ మీంచి చూశాను. ఆ రాత్రికి ఆ అమ్మాయి వాళ్లందరికీ జవాబు చెప్పుకోవాలి.

పెన్నా ఒడ్డు · మంగళవారం మధ్యాహ్నం 2:11

మా అన్న పెళ్లిలో ఎవరూ ఏమీ అనుకోలేదక్కా. వదిన కూడా నవ్వింది.

ఒంగోలు మైకు · మంగళవారం మధ్యాహ్నం 2:30

మీ వదినకి ముందే తెలిసి ఉంటుంది, మంచిదే. ఇక్కడ ఆ అమ్మాయికి తెలిసినా ఆమె నాయనమ్మకి తెలియదు.

కావలి కుర్రాడు · మంగళవారం రాత్రి 8:55

చదివానక్కా. 4 నిమిషాల 50 సెకన్లు. అది కూడా ఎవరూ నవ్వకుండా, నేను ఆగకుండా. నమస్కారాలకే నలభై సెకన్లు పోయాయి.

ఒంగోలు మైకు · మంగళవారం రాత్రి 9:30

చూశావా. నవ్వు వస్తే మూడు నాలుగు సెకన్లు ఆగాలి. ఆరు చోట్ల నవ్వారంటే ఇరవై సెకన్ల పైనే పోతుంది. చప్పట్లకి ఇంకొంత. అంటే నీ దగ్గర ఉన్నది రెండున్నర నిమిషాల మాటలు, 230 దాకా. సగానికి సగం కొయ్యాలి.

పేరుపేరునా నమస్కారాలు యాంకర్ పని, నీది కాదు. 'అందరికీ నమస్కారం' చాలు. ఒక్క పేరు వదిలేస్తే ఆ మేనత్త పదేళ్లు గుర్తుపెట్టుకుంటుంది. కవిత కూడా తీసెయ్, నువ్వు పెళ్లి చేసుకోలేదు కదా, సంసారం గురించి నువ్వు చెబితే వినేవాళ్లకి పట్టదు.

ఇక కథ ఒక్కటే ఉండాలి. దాన్ని ఎంచుకోవడానికి నేను చూసేది ఇదీ: ఆ కథ పూర్తయ్యేసరికి పెళ్లికూతురి తండ్రి 'మా అల్లుడు ఇట్టాంటివాడా, మంచిది' అనుకోవాలి. సబ్జెక్టులు తప్పిన కథలో ఆయన అలా అనుకోడు. హైవే మీద పడ్డ కథ వింటే ఆ రాత్రే బండి అమ్మించేస్తాడు. మిగిలింది రొట్టెల పండగ. అది పూర్తిగా చెప్పు, మేం విందాం.

కావలి కుర్రాడు · మంగళవారం రాత్రి 11:10

చెప్తాను. చదువు అయిపోయాక ఇద్దరికీ ఉద్యోగాల్లేవు. ఇద్దరి అమ్మలూ కలిసి ఉద్యోగం రొట్టె పట్టుకు రమ్మని నెల్లూరు పంపారు. స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్లలో తిరిగి తిరిగి ఒక్క రొట్టె సంపాదించాం. ఇచ్చినాయన దగ్గర ఇంకోటి లేదు. మావాడు దాన్ని తీసుకుని నా చేతిలో పెట్టాడు. 'నువ్వు తిను, మీ ఇంట్లో నాన్న లేడు' అన్నాడు. ఆ యేడే మా నాన్న పోయాడు. అంతలో ఒక పెద్దామె వాడి చేతిలో ఇంకో రొట్టె పెట్టింది. మొత్తం తినేశాక అడిగాడు, ఇదేం రొట్టెమ్మా అని. పెళ్లి రొట్టె అంది. కావలి వచ్చేదాకా ఒకటే గోల.

నాకు నాలుగు నెలల్లో ఉద్యోగం వచ్చింది. వాడికి ఆర్నెల్లకి వచ్చింది, ఆ ఆఫీసులోనే ఈ అమ్మాయి పరిచయం.

ఉలవపాడు మామిడి · మంగళవారం రాత్రి 11:32

అన్నా, ఇంత కథ పెట్టుకుని మూడు సబ్జెక్టులు గురించి రాస్తున్నావా! నాకు ఒళ్లు జలదరించింది.

బెంగళూరు నెల్లూరమ్మాయి · బుధవారం ఉదయం 8:20

కథ చాలా బాగుంది. కానీ ఆ ఆఫీసు వాళ్లకీ, మార్కాపురం చుట్టాల్లో కొందరికీ రొట్టెల పండగంటే ఏంటో తెలియకపోవచ్చు. నా ఆఫీసులో చెబితే ఎవరైనా వంట పోటీ అనుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె అని వేరువేరుగా ఉంటాయనీ, కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి అదే రొట్టె ఇస్తారనీ తెలియకపోతే 'పెళ్లి రొట్టె' దగ్గర నవ్వు రాదు. ముందే ఒక ముక్క చెప్పాలి.

ఇంకొకటి, మొత్తం ఇంగ్లీషులో చెబితే మేలు కదా? వాళ్లే అడిగారు.

ఒంగోలు మైకు · బుధవారం ఉదయం 10:00

ఆ ముక్క తప్పకుండా ఉండాలి, కానీ మూడు వాక్యాలు దాటకూడదు. బారా షహీద్ దర్గా చరిత్ర, పన్నెండుమంది వీరుల కథ మొదలెడితే అక్కడే నిమిషం పోతుంది. దాన్ని నవ్వు వచ్చే చోటుకి దూరంగా, ముందే చెప్పెయ్. నవ్వు మధ్యలో వివరణ ఇస్తే రెండూ చెడతాయి.

ఇంగ్లీషు సంగతి నీ ఇష్టం. నేనైతే తెలుగే అంటాను. వాళ్లమ్మ ఏడవాలన్నావు కదా, ఆమెకి ఏ భాషలో చెబితే ఏడుపొస్తుంది?

బెంగళూరు నెల్లూరమ్మాయి · బుధవారం ఉదయం 10:14

పాతికమంది అడిగి మరీ పెట్టించుకున్నది వాళ్లకే అర్థం కాకపోతే ఎలాగక్కా? కనీసం చివరి రెండు వాక్యాలైనా ఇంగ్లీషులో ఉండాలని నా మాట.

మాస్టారు, ఆత్మకూరు · బుధవారం సాయంత్రం 5:40

నాకు ఒక్క విషయం మనసులో మెదులుతోంది. 'మీ ఇంట్లో నాన్న లేడు' అనే మాట శుభకార్యంలో, కొత్త దంపతుల ఎదురుగా వద్దు నాయనా. నీ బాధ నాకు తెలుసు. కానీ పెద్దవాళ్లు ఆ మాట దగ్గర ఉలిక్కిపడతారు. పైగా మీ అమ్మగారు కూడా ఆ హాల్లోనే కూర్చుంటారు కదా.

ఉలవపాడు మామిడి · బుధవారం సాయంత్రం 6:03

మాస్టారూ, ఆ మాట తీసేస్తే కథలో ప్రాణం పోతుంది. వాడు రొట్టె ఎందుకిచ్చాడో తెలియాలి కదా.

కావలి కుర్రాడు · బుధవారం రాత్రి 10:20

ఈ రెండు మాటల మధ్య సాయంత్రమంతా ఆలోచించాను. మా అమ్మ విషయం నాకు తట్టలేదు మాస్టారూ. అందరి ముందూ ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటే మావాడు ఆ రోజు సంతోషంగా ఉండలేడు. 'మీ ఇంటికి నువ్వొక్కడివే దిక్కు' అని మార్చాను. తెలిసినవాళ్లకి తెలుస్తుంది.

మళ్లీ రాశాను. వాలు గీత ఉన్నచోట ఆగాలి, రెండు గీతలుంటే ఇంకాసేపు ఆగాలి. 190 అటూఇటూ ఉన్నాయి. చదివితే ఆగడాలతో కలిపి 2 నిమిషాల 55 సెకన్లు వచ్చింది.

'అందరికీ నమస్కారం. పెళ్లికొడుకు పక్కన స్కూల్లో ఒకే బెంచీ మీద, తర్వాత ఒకే బండి మీద కూర్చున్నవాణ్ణి నేను. /

చదువైపోయాక మాకు డిగ్రీలు వచ్చాయి, ఉద్యోగాలు రాలేదు. ఇద్దరి అమ్మలూ కలిసి తీర్పు ఇచ్చారు: నెల్లూరు రొట్టెల పండక్కి పోండి, ఉద్యోగం రొట్టె పట్టుకుని రండి. /

దూరం నుంచి వచ్చినవాళ్ల కోసం ఒక్క మాట. మా నెల్లూరులో దర్గా పక్కన స్వర్ణాల చెరువుంది. కోరిక తీరినవాళ్లు ఆ నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుని తింటారు. మతం అడగరు, ఏం కోరికో అడుగుతారు.

మోకాటి లోతు నీళ్లలో గంటన్నర తిరిగాం. ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె అని వీడు కూరగాయలు అమ్మినట్టు అరిచాడు. / చివరికి ఒకాయన దొరికాడు. ఆయన చేతిలో ఒక్కటే రొట్టె ఉంది. వీడు తీసుకున్నాడు, నా వైపు చూశాడు, నా చేతిలో పెట్టాడు. నువ్వు తినరా, మీ ఇంటికి నువ్వొక్కడివే దిక్కు అన్నాడు. //

అంతలో ఒక పెద్దామె వీడి చేతిలో ఇంకో రొట్టె పెట్టింది. ఆకలి మీదున్నాడు, మొత్తం తినేశాడు. తిన్నాక అడిగాడు, అమ్మా, ఇదేం రొట్టె? / పెళ్లి రొట్టె నాయనా, అంది. //

కావలి వచ్చేదాకా ఒకటే గోల, ఉద్యోగం లేనోడికి పిల్లనెవరిస్తార్రా అని. / నాకు నాలుగు నెలల్లో ఉద్యోగం వచ్చింది. వీడికి ఆర్నెల్లకి వచ్చింది. ఆ ఆఫీసులో పక్క వరసలో కూర్చున్న అమ్మాయే మా వదిన. /

వదినా, మీ గురించి మొదటిసారి ఫోన్లో చెప్పినప్పుడు వీడు మీ చదువు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. తను తెచ్చుకున్న టిఫిన్ ముందు పక్కవాళ్లకి పెట్టి తర్వాత తింటుందిరా అన్నాడు. / వీడికి వీడిలాంటి మనిషే దొరికిందని నాకు అప్పుడే అర్థమైంది. //

కోరిక తీరినవాళ్లు తిరిగొచ్చి రొట్టె ఇవ్వాలి. మావాడు ఇంకా బాకీ ఉన్నాడు. వచ్చే మొహర్రానికి మీరిద్దరూ అదే నీళ్లలో నిలబడి పెళ్లి రొట్టె ఇవ్వండి. / అరవడానికి నేనొస్తాను. / చల్లగా ఉండండి.'

ఒంగోలు మైకు · గురువారం ఉదయం 9:15

తమ్ముడూ, టిఫిన్ మాట ఎక్కడ దాచావు ఇన్నాళ్లూ! రొట్టె ఇచ్చినవాడికి టిఫిన్ పెట్టే మనిషి. పెళ్లికూతురు ఈ కథలోకి ఎట్టా వస్తుందా అని చూస్తున్నాను, నువ్వే తెచ్చావు. ఇంక ఒక్క మాట మార్చొద్దు.

ఇప్పుడు టైమ్ గురించి. మనవైపు రిసెప్షన్లో అక్షింతలు వేసి ఫోటో దిగే క్యూ మొదలైతే ఆపడం ఎవరి తరమూ కాదు. అటు భోజనాలు మొదలైతే హాలు సగం ఖాళీ. జంట వచ్చి కూర్చుని, దండలు మార్చుకోగానే, క్యూ కట్టకముందే మైకు తీసుకో. ఈ సంగతి యాంకర్‌కి, ఫోటోగ్రాఫర్‌కి, ఆర్కెస్ట్రా కీబోర్డు అబ్బాయికి ముగ్గురికీ మధ్యాహ్నమే చెప్పిపెట్టు. కీబోర్డు వాళ్లు మంచిగా ఉంటుందని నీ మాటల వెనక మెల్లగా వాయిస్తారు. వద్దని చెప్పు, నువ్వు ఆగిన చోట నిశ్శబ్దం కావాలి.

ఫోన్లో చూసి చదవొద్దు. మధ్యలో ఎవరో ఒకరు కాల్ చేస్తారు. రెండు అట్టముక్కల మీద పెద్ద అక్షరాలతో రాసుకో. మైకు గడ్డం దగ్గర ఆనించినట్టు పట్టుకుంటే నవ్వినప్పుడు చెయ్యి పక్కకి పోదు.

బెంగళూరు నెల్లూరమ్మాయి · గురువారం ఉదయం 9:50

చివర్లో అందరితో రోజ్ మిల్క్ గ్లాసులైనా పైకెత్తించొచ్చు కదా, ఆఫీసు వాళ్ల సరదా తీరుతుంది.

మాస్టారు, ఆత్మకూరు · గురువారం ఉదయం 11:25

చేతిలో అక్షింతలు ఉంటే చాలదా అమ్మా.

కావలి కుర్రాడు · సోమవారం మధ్యాహ్నం 12:45

అయిపోయింది. నిన్న రాత్రి ఎనిమిదింబావుకి మైకు తీసుకున్నాను. వీడియోలో చూస్తే 3 నిమిషాల 25 సెకన్లు. మావాడు మైకు లాక్కోలేదు.

అక్కా, నేను రెండు గీతలు పెట్టుకున్న చోట నవ్వు రాలేదు. 'ఇదేం రొట్టె' అని వాడు అడిగాడని చెప్పగానే నెల్లూరు, కావలి వాళ్లకి ముందే అర్థమైపోయి ఆ ప్రశ్న దగ్గరే నవ్వేశారు. నేను కంగారుపడి ఆ నవ్వు మీదే 'పెళ్లి రొట్టె నాయనా' అనేశాను. మార్కాపురం వాళ్లకి ఆ మాట వినపడలేదు. వాళ్ల మొహాలు చూసి, ఆగి, మళ్లీ చెప్పాను. అప్పుడు వాళ్లు నవ్వారు. ఆ అదనపు సెకన్లు అక్కడివే. వీడియో మళ్లీ మళ్లీ చూస్తున్నాను, నవ్వు తగ్గేదాకా ఆగి ఉంటే రెండువైపులా ఒకేసారి నవ్వేవాళ్లు.

రొట్టె నా చేతిలో పెట్టాడు అన్నప్పుడు హాలంతా ఏ చప్పుడూ లేదు. వాళ్లమ్మ ఏడవలేదు, మా అమ్మ చెయ్యి పట్టుకుంది. ఏడ్చింది పెళ్లికూతురి నాన్న. కిందికి దిగాక నా దగ్గరికొచ్చి, ఆ ఒకాయన ఎవరో, ఆ పెద్దామె ఎవరో మళ్లీ కనపడ్డారా అని అడిగాడు. లేదండీ అన్నాను. వచ్చే మొహర్రానికి తనూ వస్తానన్నాడు.

ఆఫీసు వాళ్లకి పక్కన కూర్చున్న మా మరదలు ఇంగ్లీషులో చెబుతూ ఉంది, సగం అర్థమైందన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. గ్లాసులు ఎత్తలేదు, చప్పట్లు కొట్టారు.

పెన్నా ఒడ్డు · సోమవారం మధ్యాహ్నం 1:10

సూపర్ బ్రో. కానీ నేను ఇప్పటికీ అంటాను, కాలేజీది ఒక్కటి వేసుంటే ఇంకా బాగుండేది.

ఉలవపాడు మామిడి · సోమవారం మధ్యాహ్నం 1:18

మాస్టారూ, ఆ గారెల పద్యం ఒకసారి ఇక్కడ పెట్టరూ?

మాస్టారు, ఆత్మకూరు · సోమవారం సాయంత్రం 6:30

కళ్లజోడు మార్చాలి, ఆ అచ్చు మరీ సన్నగా ఉంది. మా మనవరాలు శనివారం వస్తుంది, ఆమె చేత ఫోటో తీయించి పెడతాను.